లైట్‌మోటిఫ్: తెలుగు సినిమా సంగీతంలో తిరిగి వచ్చే బాణీ

ఒక పాత్రకో, ఒక చోటుకో, ఒక భావానికో ముడిపడి, కథ నడిచేకొద్దీ మళ్లీ మళ్లీ వినిపించే చిన్న స్వరఖండాన్ని సంగీతశాస్త్రంలో లైట్‌మోటిఫ్ అంటారు. తెలుగు సినిమా రంగంలో దీన్నే థీమ్ అనీ, థీమ్ మ్యూజిక్ అనీ, క్లుప్తంగా బిట్ అనీ పిలుచుకుంటారు. ఒకే బాణీ రెండుసార్లు వినిపించినంత మాత్రాన అది లైట్‌మోటిఫ్ అయిపోదు. మొదటిసారి విన్నప్పుడు అది దేనితో కలిసి మనసులో నాటుకుందో, రెండోసారి విన్నప్పుడు ఆ జ్ఞాపకం కొత్త సన్నివేశం మీద పడాలి. తెర మీద లేని మనిషిని ఉన్నట్టు చేయాలి, లేదా ఉన్న మనిషిలో అప్పటిదాకా కనబడని పార్శ్వాన్ని చూపించాలి. తెలుగు సినిమాలో ఈ బాణీ చాలావరకు పాటలో పుడుతుంది, మాటలు రాలిపోయాక నేపథ్య సంగీతంలో పనిచేస్తుంది, మారి తిరిగొచ్చినప్పుడే పాత్రలను, భావాలను ఒకదానితో ఒకటి కలుపుతుంది. ఈ మూడు మాటలను నిదర్శనాలతో పరీక్షించడమే ఈ వ్యాసం పని.

పుట్టుక

పాశ్చాత్య సంగీతంలో ఈ పద్ధతికి పెద్ద నమూనా రిచర్డ్ వాగ్నర్ రాసిన నాలుగు సంగీత నాటకాల వరుస, ‘రింగ్’. 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో ఇది మొదటిసారి పూర్తిగా ప్రదర్శితమైంది. అదే ఏడాది హాన్స్ ఫాన్ వోల్ట్‌సోగెన్ ఆ నాటకాల్లోని బాణీలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టి, పేర్లు పెట్టి, ప్రేక్షకుల కోసం ఒక కరదీపిక రాశాడు. అక్కడి నుంచి ఈ పద్ధతి సినిమాలోకి వచ్చింది. 1933 నాటి ‘కింగ్ కాంగ్’లో మాక్స్ స్టైనర్ ఆ మహాకాయానికి కిందికి దిగే మూడు స్వరాలను గుర్తుగా పెట్టాడు. జాన్ విలియమ్స్ 1980లో డార్త్ వేడర్ కోసం కట్టిన కవాతు బాణీ ఈ రంగంలో తరచూ చెప్పే ఉదాహరణ. ఇత్తడి వాద్యాల గర్జనగా పరిచయమైన ఆ బాణీ, 1983 నాటి సినిమాలో వేడర్ ప్రాణం పోతున్నప్పుడు హార్ప్ తీగల మీద సన్నగా, ఒంటరిగా వినిపిస్తుంది. స్వరాలు అవే, వాద్యమూ బలమూ మారాయి. విలన్ చనిపోయాడని కాక, ఆ కవచం లోపల ఒక తండ్రి ఉన్నాడని ప్రేక్షకుడికి తెలిసేది ఆ తేడా వల్లనే.

తెలుగు నేల మీద పాత్రకో పాట అన్న ఆలోచన సినిమాతో మొదలైంది కాదు. నాట్యశాస్త్రం నాటకంలో పాడే ధ్రువాగానాలను అయిదు రకాలుగా విభజించింది. పాత్ర వచ్చేటప్పుడు ప్రావేశికి, వెళ్లేటప్పుడు నైష్క్రామికి, మధ్యలో రసం మారేటప్పుడు ఆక్షేపికి, ప్రాసాదికి, ఖాళీని పూరించడానికి అంతర. కూచిపూడి భాగవతులు ఈ ప్రవేశగానాన్ని ప్రవేశదరువుగా బతికించుకున్నారు. సిద్ధేంద్రయోగి పేరుతో నిలిచిన భామాకలాపంలో సత్యభామ తెర వెనక నిలబడి, జడను తెర మీదుగా వేసి, తన దరువుతో తానెవరో చెప్పుకుంటుంది. ముఖం కనబడకముందే ఆమె గర్వం పాటలో వినబడుతుంది. అయితే ప్రవేశదరువుకూ లైట్‌మోటిఫ్‌కూ మధ్య ఒక దూరం ఉంది. దరువు పాత్రను పరిచయం చేసి తన పని ముగించుకుంటుంది. లైట్‌మోటిఫ్ పరిచయంతో మొదలై, ఆ పాత్ర మారినప్పుడు తానూ మారుతుంది. నేటి సినిమాల్లో కథానాయకుడు అడుగు పెట్టగానే మోగే సంగీతం చాలావరకు దరువు దగ్గరే ఆగిపోతుంది. సింగిల్ స్క్రీన్లలో ఈలలు వేయించే శక్తి దానికి నిజంగానే ఉంది. కానీ ఈలకు పనికొచ్చిన బాణీ ఆ మనిషి ఓడిపోయిన సన్నివేశంలో కూడా పలకగలిగితేనే అది దరువును దాటి ముందుకు వెళ్లినట్టు.

పాట నుంచి నేపథ్యానికి

తెలుగులో బాణీ పాటలో పుట్టడానికి కారణం సినిమా తయారయ్యే క్రమంలోనే ఉంది. పాటలు సాధారణంగా చిత్రీకరణకు ముందే తయారవుతాయి. సంగీత దర్శకుడు దర్శకుడితో కూర్చుని ట్యూన్ కడతాడు, కవి సాహిత్యం రాస్తాడు, పాడించిన పాటను సెట్లో వినిపిస్తూ చిత్రీకరిస్తారు. నేపథ్య సంగీతం వంతు అన్నీ అయ్యాక వస్తుంది. కూర్పు పూర్తయిన రీళ్లను చూస్తూ చేసే ఆ పనినే పరిశ్రమలో రీరికార్డింగ్ అంటారు, ఆర్ఆర్ అని కుదించి కూడా అంటారు. అప్పటికి విడుదల తేదీ దగ్గరపడి ఉంటుంది. ఆ ఒత్తిడిలో కూర్చున్న సంగీత దర్శకుడి దగ్గర దర్శకుడికి నచ్చిన, ప్రేక్షకుడు ఎలాగూ వినబోయే, కథలో ఒక చోటుకు ఇప్పటికే ముడిపడ్డ సరుకు ఉన్నదంటే అది పాటల బాణీలే. అందుకే కొత్త థీమ్ కట్టడం కన్నా పాట పల్లవిలోంచి కొన్ని స్వరాలు తీసుకుని వేణువుకో వయొలిన్‌కో అప్పగించడం మన దగ్గర అలవాటైంది. ఒకే పాటకు సంతోషంగా ఒకటి, విషాదంగా ఒకటి రెండు రూపాలు చేయడం కూడా ఇదే పద్ధతికి పాత రూపం.

పాటలో పుట్టిన బాణీకి ఒక లాభం ఉంది. నాలుగైదు నిమిషాల పాటలో పల్లవి చాలాసార్లు తిరిగి వస్తుంది, మాటలు దాని అర్థాన్ని పట్టి ఉంచుతాయి. ఆ తర్వాత మాటలు తీసేసినా అర్థం స్వరాలకు అంటుకునే ఉంటుంది. ఒక చిక్కు కూడా ఉంది. పాట బాణీ పాడుకోవడానికి కట్టినది కాబట్టి పొడుగు. దృశ్యం పొట్టిది. లెక్క వేసి చూస్తే ఇది తేటపడుతుంది. నిమిషానికి 80 దెబ్బల లయలో ఒక్కో దెబ్బకు 0.75 సెకను పడుతుంది. సెకనుకు 24 ఫ్రేములు నడిచే సినిమాలో అది 18 ఫ్రేములు. నాలుగు దెబ్బలు ఒక ఆవర్తంగా, ఎనిమిది ఆవర్తాల పల్లవి పూర్తవడానికి 24 సెకన్లు కావాలి. ఒక తల్లి గుమ్మంలో నిలబడి కొడుకు ఉత్తరం చూసే షాట్ ఏడు సెకన్లదే అనుకుంటే పల్లవి అందులో పట్టదు. మొదటి రెండు ఆవర్తాలు, అంటే ఆరు సెకన్లు మాత్రమే పడతాయి. కాబట్టి పల్లవి ఎత్తుగడలోనే గుర్తు ఉండాలి. మొదటి నాలుగైదు స్వరాలు విని పాటను పట్టుకోగలిగితే ఆ బాణీ నేపథ్యానికి పనికొస్తుంది. అందమంతా అనుపల్లవిలో దాచిన పాట ఎంత గొప్పదైనా ఈ పనికి పనికిరాదు.

శంకరాభరణం: రాగమే పాత్ర పేరు

1980 ఫిబ్రవరి 2న విడుదలైన కె. విశ్వనాథ్ చిత్రం ‘శంకరాభరణం’ ఈ పద్ధతిని అసాధారణమైన దారిలో నడిపింది. కె. వి. మహదేవన్‌కు ఆ సంగీతం ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ పురస్కారం తెచ్చింది, చిత్రం కోసం కొత్తగా రాసిన పాటల సాహిత్యం వేటూరిది. కథానాయకుడి పేరు శంకరశాస్త్రి, ఆయనకు లోకం ఇచ్చిన గుర్తింపు శంకరాభరణం శంకరశాస్త్రి. ఒక రాగం ఒక మనిషి ఇంటిపేరులా మారిన కథ ఇది. శంకరాభరణం 72 మేళకర్తల్లో 29వది. ఏడు స్వరాలూ ఉన్న సంపూర్ణ రాగం, ఎన్నో జన్యరాగాలకు తల్లి. ‘ఓంకార నాదానుసంధానమౌ’ అనే పాట ఈ రాగంలోనే నడుస్తూ, రాగాన్నీ శాస్త్రినీ ఒకే పేరు కిందికి తెస్తుంది.

ఈ చిత్రంలో కలయిక పనిచేసే తీరు చివరి కచేరీలో దగ్గరగా చూడవచ్చు. తులసి అనే నర్తకి తన కొడుకు శంకరాన్ని శాస్త్రి శిష్యుడిగా చేర్పిస్తుంది. ఆ బిడ్డ ఆమె ఇష్టం లేకుండా, ఆమెకు జరిగిన అత్యాచారం వల్ల పుట్టినవాడు. పాము శివుడి మెడలో ఆభరణమైనట్టు ఈ బిడ్డ శాస్త్రి సంగీతంలో ఆభరణం కావాలన్నది ఆమె తపన. చివరి కచేరీలో శాస్త్రి ‘దొరకునా ఇటువంటి సేవ’ పాడుతూ పాడుతూ ఆరోగ్యం సహకరించక మధ్యలో ఆగిపోతాడు. అప్పుడు ఆ పిల్లవాడు గొంతెత్తి ఆగిన పాటను కొనసాగిస్తాడు. శాస్త్రి తన కాలి గండపెండేరాన్ని శిష్యుడికి తొడిగి, వేదిక మీదే కన్నుమూస్తాడు. పాట ఒకటే. అది ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం గొంతులోంచి వాణీ జయరాం గొంతులోకి మారుతుంది. బాణీ మారకుండా దాన్ని మోసే మనిషి మారడం ఇక్కడి విశేషం. వేడర్ బాణీలో వాద్యం మారి పాత్ర లోపలిని చూపిస్తే, ఇక్కడ గొంతు మారి వారసత్వాన్ని చూపించింది. గండపెండేరం కళ్లకు కనబడే గుర్తు, ఆగిన చోట అందుకున్న పాట చెవికి వినబడే గుర్తు. కథలో అప్పటిదాకా మాటల్లో చెప్పిన గురుశిష్య సంబంధం ఈ ఒక్క కొనసాగింపులో రుజువవుతుంది.

ఇంకొక సూక్ష్మం ఉంది. ‘దొరకునా’ నడిచేది బిలహరి రాగంలో. బిలహరి ఆరోహణలో స రి గ ప ద స, అవరోహణలో ఏడు స్వరాలూ ఉంటాయి. అది 29వ మేళానికి జన్యం, అంటే శంకరాభరణానికి బిడ్డ. శాస్త్రి పేరుగా నిలిచిన రాగం తల్లి, శిష్యుడు అందుకున్న పాట రాగం దాని సంతానం. ఇది ముందే ఆలోచించి వేసిన పథకమని అనడానికి ఆధారం లేదు, అనాల్సిన అవసరమూ లేదు. కర్ణాటక సంగీతం తెలిసిన శ్రోత చెవిలో ఆ బంధుత్వం పలుకుతుంది, తెలియని శ్రోతకు గొంతు మారడం ఒక్కటే చాలు. మంచి పునరావృతి ఇలా రెండు లోతుల్లో పనిచేస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. రాగం అందరి సొత్తు. శంకరాభరణంలో వందల కృతులున్నాయి, బిలహరిలో త్యాగరాజ కీర్తనలూ ఉన్నాయి. అలాంటప్పుడు ఒక రాగం ఒక పాత్రకు గుర్తు ఎలా అవుతుంది? అభ్యంతరంలో నిజం ఉంది. రాగం ఒక్కటే గుర్తు కాలేదు. రాగాన్ని ఒక ముఖానికి, ఒక పేరుకు, ఒక సంఘటనకు కథ కట్టేసినప్పుడే అది గుర్తు అవుతుంది, ఆ కట్టు ఆ సినిమా నడిచినంతసేపే గట్టిగా ఉంటుంది. పాశ్చాత్య లైట్‌మోటిఫ్ విషయమూ ఇంతే. కిందికి దిగే మూడు స్వరాలు కింగ్ కాంగ్ సొంతం కాదు. గుర్తింపు స్వరాల్లో ఉండదు, స్వరాలకూ కథకూ మధ్య పడిన ముడిలో ఉంటుంది.

ఆర్ఆర్ఆర్: బాణీ బదులు భాష

2022 మార్చి 25న విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ ఇదే ప్రశ్నకు ఇంకో దారిలో జవాబిస్తుంది. ఎం. ఎం. కీరవాణికి ఆ చిత్ర నేపథ్య సంగీతం జాతీయ పురస్కారం తెచ్చింది. పాటలకూ నేపథ్యానికీ పురస్కారాలు వేర్వేరుగా ఇస్తారు గనుక, ఇది నేపథ్యానికి ప్రత్యేకంగా దక్కిన గుర్తింపు. ఎస్. ఎస్. రాజమౌళి ఈ కథను నిప్పు, నీరు అన్న రెండు గుర్తుల మీద కట్టాడు. ఇద్దరు కథానాయకుల్లో రాముడు నిప్పు, భీముడు నీరు. సంగీతం ఆ ఇద్దరినీ వేరు చేసిన తీరు గమనించదగింది. భీముడి లోకం పాటలు సుద్దాల అశోక్ తేజ రాసిన జానపద తెలుగులో ఉన్నాయి. పతాక ఘట్టాల్లో రాముడు విల్లు పట్టినప్పుడు వినిపించే ‘రామం రాఘవం’ కె. శివదత్త రాసిన సంస్కృతంలో, బృందగానంగా ఉంది. ఒకవైపు ఒంటరి గొంతు, పల్లె యాస, మట్టి వాసన ఉన్న మాట. ఇంకోవైపు స్తోత్రంలా సాగే సమూహ స్వరం. వాద్యం, బాణీ వేరుగా ఉండటంతో ఆగకుండా, పాడే భాష స్థాయి కూడా పాత్రకు గుర్తయింది. బాణీ వినబడకముందే, గొంతు ఎలాంటిదో విని ఎవరి లోకంలో ఉన్నామో తెలుస్తుంది.

సినిమా మొదట్లో ‘కొమ్మా ఉయ్యాల’ అనే పాట వస్తుంది. ఆదిలాబాద్ అడవిలో మల్లి అనే గోండు పిల్ల గవర్నర్ భార్య చేతికి అలంకారం చేస్తూ ఆ పాట పాడుతుంది. అమ్మ ఒడిలో ఉండిపోవాలన్న పిల్ల కోరిక ఆ పాట సారం. ఆ పాటనే ఇష్టపడ్డ దొరసాని పిల్లను వెంట తీసుకుపోతుంది. తల్లి ముందు నాణేలు విసిరితే, అవి పాటకు ఇచ్చిన బహుమతి అనుకుంటుంది ఆ తల్లి. పిల్లకు ఇచ్చిన వెల అని ఆమెకు ఆలస్యంగా తెలుస్తుంది. అమ్మ ఒడి గురించిన పాటే అమ్మ ఒడి నుంచి పిల్లను లాక్కుపోవడానికి కారణమైంది. సినిమా మొదటి నిమిషాల్లోనే బాణీకి ఇంత బరువు ఎక్కితే, ఆ తర్వాత అడవి తల్లి అన్న ఊహ ఎక్కడ పలికినా ఆ బరువు దాని మీద పడుతుంది. సరిగ్గా అలాగే, నడి సినిమా దాటాక, కట్టేసి కొరడాతో కొడుతున్నప్పుడు భీముడు ‘కొమురం భీముడో’ పాడతాడు. కొట్టేది ఒకప్పటి మిత్రుడు రాముడే. మోకరిల్లితే తల్లి బిడ్డను కాననే పట్టుదల ఆ పాట నిండా ఉంది. కాలభైరవ గొంతులో అది ఏడుపుగా మొదలై ధిక్కారంగా నిలబడుతుంది. మల్లి పాటా భీముడి పాటా ఒకే ట్యూన్ కావు. వాటిని కలిపేది ఒకే కవి భాష, ఒకే జానపద ఫణితి, రెండింటి మధ్యలో కూర్చున్న తల్లి. అందుకని ‘కొమురం భీముడో’ వినగానే ఇది భీముడి సొంత పౌరుషం మాత్రమే కాదని, తెర మీద లేని మల్లి తరఫున కూడా పాడుతున్నాడని అనిపిస్తుంది. ఆ పాట విన్న జనం కంచె తెంచుకుని ముందుకు రావడం, కొట్టిన రాముడి ఆలోచన మారడం కథలో దీని ఫలితాలు. ఆయుధం చేతికి ఇవ్వడం ఒక్కటే పోరాటం కాదని రాముడికి నేర్పింది ఆ పాటే. ఇక్కడ సంగీతం కథకు పక్కన నడవలేదు, కథలో ఒక సంఘటనగా నిలబడింది.

దీన్ని లైట్‌మోటిఫ్ అనవచ్చా అనే ప్రశ్న న్యాయమైనదే. స్వరాల పునరావృతినే ప్రమాణంగా పెట్టుకుంటే అనలేం. కానీ శ్రోత మనసు స్వరాలను మాత్రమే గుర్తుపెట్టుకోదు. గొంతు, యాస, వాద్యం, లయ, పాడే సందర్భం కూడా జ్ఞాపకంగా నిలుస్తాయి. వాటిలో ఏది తిరిగొచ్చినా పాత సన్నివేశం లేచి వస్తుంది. కాబట్టి విస్తృతార్థంలో పునరావృత అంశం అన్నది బాణీ కన్నా పెద్ద పరిధి గల మాట, లైట్‌మోటిఫ్ అందులో ఒక కచ్చితమైన రూపం.

అభ్యంతరాలు, హద్దులు

ఈ పద్ధతి మీద గట్టి విమర్శ థియొడోర్ అడార్నో, హాన్స్ ఐస్లర్ సినిమా సంగీతం గురించి రాయగా 1947లో వెలువడిన పుస్తకంలో ఉంది. వాగ్నర్ బాణీలకు గంటల కొద్దీ నడిచే నాటకాల పెద్ద మైదానం ఉంది, అక్కడ అవి ప్రతీకలుగా ఎదిగాయి. ముక్కలు ముక్కలుగా కోసి అతికించే సినిమాలో అంత చోటు లేదు, అందుకే బాణీ దొర వస్తున్నాడని చాటే బంట్రోతు స్థాయికి దిగిపోతుంది. ఇదీ వారి వాదన సారాంశం. కథానాయకుడు కారు దిగిన ప్రతిసారీ ఒకే బిట్ మోగించే సినిమాలను చూస్తే ఈ మాట ఇప్పటికీ తప్పు కాదు. అయితే తెలుగు సినిమా విషయంలో వారి ఆధారం పూర్తిగా నిలవదు. రెండున్నర, మూడు గంటల నిడివి ఒక తేడా. అంతకన్నా ముఖ్యం పాట. కథను కాసేపు నిలిపి నాలుగు నిమిషాలు బాణీకే ఇవ్వడం మన సినిమాకు అలవాటు. వారు లేదన్న మైదానం మనకు పాట రూపంలో దొరుకుతుంది. దాన్ని ఏం చేస్తామన్నదే ప్రశ్న. పాటలో అంత విస్తారంగా నాటిన బాణీని నేపథ్యంలో మార్పు లేకుండా అరువు తెచ్చుకుంటే అడార్నో గెలుస్తాడు. ‘దొరకునా’లా ఇంకొకరి చేతుల్లో పెడితే ఓడిపోతాడు.

ఇంకొక అభ్యంతరం ప్రేక్షకుడి వైపు నుంచి వస్తుంది. మామూలు ప్రేక్షకుడు నేపథ్య సంగీతాన్ని గమనించడు, ఇంత అల్లిక ఎవరికోసం? గమనించడం, ప్రభావితం కావడం రెండూ ఒకటి కావు. కానీ ప్రభావం కలగాలన్నా నాటడం మాత్రం స్పష్టంగా జరగాలి. సంభాషణ జోరుగా సాగుతున్నప్పుడు కింద సన్నగా పరిచయమైన బాణీని ఏ చెవీ పట్టుకోదు. గంట తర్వాత అది తిరిగొస్తే సంగీత దర్శకుడికి పునరావృతి, ప్రేక్షకుడికి కొత్త సంగీతం. పద్ధతి విఫలమయ్యే చోట్లలో ఇది మొదటిది. మొదటి పరిచయంలో బాణీ మీద మాటలు, చప్పుళ్లు పడకుండా కొన్ని సెకన్లు వదిలిపెట్టడమే దీనికి మందు. రెండో వైఫల్యం అతి. ప్రతి పాత్రకూ ఒక బాణీ, ప్రతి రాకకూ ఒక మోత పెడితే ఏదీ మిగతావాటి కన్నా ఎక్కువ అర్థం మోయదు. మూడోది మార్పు లేకపోవడం. మొదట్లో పెద్ద వాద్యబృందంతో గర్జించిన బాణీ అన్నిచోట్లా అలాగే గర్జిస్తే, బాధ వచ్చిన చోట దానికి చెప్పడానికి ఏమీ మిగలదు.

ఒక సినిమాలో ఈ పని జరిగిందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చాలు. బాణీ తిరిగొచ్చిన సన్నివేశాన్ని ధ్వని లేకుండా చూసి, ఆ తర్వాత ధ్వనితో చూడాలి. సంగీతం చెప్పింది బొమ్మ ముందే చెప్పేసి ఉంటే అది అలంకారం. బొమ్మలో లేని మనిషో, ఊహో సంగీతం వల్ల వచ్చి చేరితే అది ముడి. రెండో పరీక్ష, మొదటి రూపాన్నీ చివరి రూపాన్నీ పక్కపక్కన పెట్టి వినడం. లయ, స్థాయి, వాద్యం, గొంతు, పూర్తి చేసిన తీరు, వీటిలో ఏదైనా మారి ఉండి, ఆ మార్పు కథలో జరిగిన మార్పుకు సరిగ్గా తగిలితే సంగీత దర్శకుడు కథను రెండోసారి, తన భాషలో చెప్పాడన్న మాట. సత్యభామ దరువు మొదటి పరీక్షలో సగం నెగ్గుతుంది, ఎందుకంటే తెర వెనక ఉన్న మనిషిని చెవికి చూపిస్తుంది. రెండో పరీక్ష దానికి వర్తించదు. కథానాయకుడి ప్రవేశ సంగీతం చాలాసార్లు రెండింటిలోనూ ఓడిపోతుంది. శంకరశాస్త్రి పాట రెండింటిలోనూ నెగ్గుతుంది. ‘కొమురం భీముడో’ మొదటిదానిలో నిస్సందేహంగా నెగ్గుతుంది, రెండోది అడిగే స్వరాల పోలికను పక్కన పెట్టి భాషతో, గొంతుతో సమాధానం చెబుతుంది. ఎన్నిసార్లు వినిపించిందన్న లెక్క ఈ రెండు పరీక్షల్లో ఎక్కడా రాదు. తిరిగొచ్చిన ప్రతిసారీ బాణీ కొత్తగా ఎవరిని ఎవరితో కలిపిందన్నదే దాని విలువను తేలుస్తుంది.